చివరి ఇరవై సెకన్లు

ఆ కామెంటు మొదటిసారి చదివినప్పుడు సాయిదుర్గకు సంతోషమే కలిగింది. పొద్దున్న పనులు తెమిలాక, గుమ్మంలో కూర్చుని ఫోను చూడడం ఆమెకు అలవాటు. రాత్రి నుంచి వచ్చిన కామెంట్లకు జవాబులిచ్చి, బాగున్నవాటికి గుండె బొమ్మ పెడుతుంది. ఈ కామెంటు చేప తోలు ఒలవడం గురించి చేసిన వీడియో కింద వచ్చింది. ఎవరో నాగశ్రీ అట.

"ముందు వీడియోలో మీరు చూపించిన చేపే మాకూ దొరికిందండి అమ్మా. గోదావరి చేపలు తప్ప సముద్రం చేపలు తెలియనివాళ్ళం. మీరు చెప్పినట్టే తోలు ఒలిచాను, చక్కగా వచ్చేసింది. మావారు స్టీలు ప్లాంటులో పొద్దుటి 'ఏ' షిఫ్టు దిగి వచ్చేసరికి పులుసు పెట్టేస్తాను. థాంక్స్ అండి."

గుండె బొమ్మ పెట్టింది. 'పులుసు ఎలా ఉందో చెప్పండి' అని సగం టైపు చేసింది. అప్పుడు 'ముందు వీడియోలో' అన్న మాట దగ్గర ఆమె వేలు ఆగింది.

తోలు ఒలిచే వీడియోకు ముందు వీడియో ఏది?

తెలుసు. వరస పెట్టింది తనే. అయినా లోపలికి వెళ్ళి ప్లేలిస్టు తెరిచి చూసింది. 'గురువమ్మ చేప కోత' అన్న ప్లేలిస్టులో పైనున్న వీడియో 'ఈ చేప మీకు తెలుసా?' దాని కింద తోలు ఒలిచే వీడియో. ఒకటి అయిపోగానే రెండోది దానంతట అదే మొదలవుతుంది.

మొదటిదానిలో అత్తగారు గురువమ్మ చేతిలో ఉన్నది పొట్ట ఉబ్బే చేప. విషపు చేప.

సాయిదుర్గ టైపు చేసింది చెరిపేసి, "వండకండి, తినకండి, అది విషం, నాకు వెంటనే ఫోను చెయ్యండి" అని రాసి తన నంబరు పెట్టి పంపింది.

జాలరిపేటలో వాళ్ళ ఇల్లు రోడ్డుకు రెండు అడుగుల దిగువన ఉంటుంది. ఆ గుమ్మం ముందు చప్టా మీదే వీడియోలన్నీ తీసేది. గురువమ్మ పాతికేళ్ళు పూర్ణా మార్కెట్టులో చేపలు కోసి అమ్మిన మనిషి. మోకాళ్ళు అరిగాక ఇంట్లో కూర్చోలేకపోతుంటే, కోడలు ఆమె ముందు కత్తిపీట, ఫోనూ పెట్టింది. గురువమ్మకు కెమెరా అంటే బెదురు లేదు. మార్కెట్టులో బేరానికి వచ్చిన ఆడవాళ్ళతో ఎలా మాట్లాడేదో అలాగే మాట్లాడుతుంది. 'ఓలమ్మా, అలా పట్టుకుంటే సేప నీ సెయ్యి కోసీగలదు' అంటే జనం నవ్వుకుంటూ చూశారు.

చూశారు కానీ ఒక్కటి చూసి వెళ్ళిపోయేవారు. ఒక వీడియోకు వేలల్లో వస్తే దాని పక్కదానికి పదులు కూడా వచ్చేవి కావు. బీకాం చదివిన సాయిదుర్గ ఈ సంగతి పట్టుకుని నెలల తరబడి నేర్చుకుంది. వీడియోలను విడివిడిగా వదలకుండా ప్లేలిస్టుల్లో వరస పెట్టాలి. మధ్యలో ఒక మాట వచ్చినప్పుడు, ఆ మాటకు సంబంధించిన వేరే వీడియోకు కార్డు పెట్టాలి. సరిగ్గా ఆ క్షణానికి తెర పై మూలన చిన్న పట్టీలా వస్తుంది. ఇక చివరి ఇరవై సెకన్లు ఎండ్ స్క్రీన్. అందులో తరవాతి వీడియో ఒక డబ్బాలా, ప్లేలిస్టు మరో డబ్బాలా కనిపిస్తాయి. చూస్తున్నవాళ్ళు ఏదో ఒకటి నొక్కి మన ఛానెల్లోనే ఉండిపోతారు. తరవాతి వీడియో నమస్కారాలతో మొదలైతే విసుగొచ్చి పోతారని, ఆ నమస్కారాలన్నీ కత్తిరించేసింది. అందుకే తోలు ఒలిచే వీడియో "ఇదుగో, ఇప్పుడు దీని తోలు ఒలిసీదాం" అన్న మాటతోనే మొదలవుతుంది.

అవన్నీ సరిగ్గానే చేసింది. నేర్చుకున్నట్టే అన్నీ జరిగాయి కూడా.

పొట్ట ఉబ్బే చేప వీడియో చేద్దామన్నది గురువమ్మే. పోయిన వారం వలలో అలాంటిది ఒకటి పడితే ఒడ్డున పారేస్తుంటే తెప్పించుకుంది. చిన్నప్పుడు ఆమె చెల్లెలు ఆ చేప తిని, పెదాలు తిమ్మిరెక్కాయని మొదలుపెట్టి, పొద్దు వాలేలోపు ఊపిరి అందక పోయింది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు కానీ గురువమ్మ ఎప్పుడూ నోరు తెరిచి చెప్పలేదు. ఆ రోజు కెమెరా ముందు చెప్పింది.

మొదట్లో చెప్పింది. ఎడిటింగు చేసేటప్పుడు సాయిదుర్గ దాన్ని తీసి చివర పెట్టింది. విషమని ముందే చెప్పేస్తే మిగతాది ఎవరు చూస్తారు? అందుకని వీడియో 'ఈ చేప మీకు తెలుసా?' అన్న ప్రశ్నతో మొదలవుతుంది. గురువమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూపిస్తుంది. పక్కన తోలు ఒలిచి వండుకునే మంచి చేపను పెట్టి, రెండూ తోడబుట్టినవాటిలా ఎలా ఉంటాయో చెబుతుంది. రెంటికీ చర్మం గరుకే, నోరు చిన్నదే. మంచి చేపను ముట్టుకుంటూ, తోలు తీసి పులుసు పెడితే ఆ రుచి ఇంకో చేపకు రాదంటుంది. ఆ మాట దగ్గరే కార్డు వస్తుంది, 'తోలు ఎలా ఒలవాలి' అని. ఆఖర్న పొట్ట ఉబ్బేదాన్ని చేతిలోకి తీసుకుని, ఇది సచ్చినా ఇంటికి తేకండి, వండినా విషం పోదు, నా సెల్లెల్ని మింగీసింది ఇదే అంటుంది. ఆ మాటల మీదే రెండు డబ్బాలు వచ్చి కూర్చుంటాయి. ఒకటి ఆమె ముఖం మీద, ఒకటి చేప మీద.

ఆ డబ్బాలు రాగానే నొక్కి వెళ్ళిపోయినవాళ్ళు ఆ మాటలు వినరు. కార్డు నొక్కినవాళ్ళు అసలు అక్కడిదాకా రారు.

సాయిదుర్గ లాప్‌టాప్ తెరిచింది. ఆ వీడియోకు ఎండ్ స్క్రీన్ నొక్కినవాళ్ళ శాతం వాళ్ళ ఛానెల్లో దేనికీ లేనంత ఎక్కువ. నిన్ననే అది చూసి మురిసిపోయి భర్తకు కూడా చూపించింది. చూసేవాళ్ళు ఎక్కడ తగ్గిపోతున్నారో చూపే గీత కార్డు దగ్గర ఒకసారి దిగి, డబ్బాలు వచ్చిన చోట గోడ కూలినట్టు పడిపోయింది. విషమన్న మాట వినేదాకా ఉన్నవాళ్ళు చాలా కొద్దిమంది.

ఎండ్ స్క్రీన్ తీసేసింది. కార్డు తీసేసింది. ప్లేలిస్టులోంచి ఆ వీడియోను తప్పించింది. పేరు మార్చి 'ఇది విషపు చేప, తినకండి' అని పెట్టింది. రెండు వీడియోల కిందా అదే మాట రాసి అన్నిటికంటే పైన నిలిచేలా పిన్ చేసింది. వీడియోనే కనబడకుండా ప్రైవేటు చేసేద్దామని వేలు అక్కడిదాకా వెళ్ళి ఆగిపోయింది. ప్రైవేటు చేస్తే దాని కింద రాసిన హెచ్చరిక కూడా పోతుంది. ఆ నాగశ్రీ లాంటివాళ్ళు ఇంకోసారి చూద్దామని వస్తే ఏమీ కనిపించదు.

నాగశ్రీ నుంచి జవాబు లేదు. ఆమె కామెంటు పెట్టి గంట దాటింది. పొయ్యి దగ్గర ఉన్న మనిషి ఫోను ఎందుకు చూస్తుంది?

గురువమ్మ పక్కింట్లో వల బాగుచేస్తున్నవాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. సాయిదుర్గ వెళ్ళి పిలిచి, కామెంటు చదివి వినిపించింది. చదవడం రాని గురువమ్మ ఫోను చేతిలోకి తీసుకుని చూసింది. నేను చెప్పాను కదా అని మాత్రం అడిగింది. చెప్పావత్తా, కానీ వాళ్ళకు వినబడలేదు అంది సాయిదుర్గ. ఎందుకు వినబడలేదో చెప్పింది. దాచలేదు. తిడుతుందని ఎదురుచూసింది.

గురువమ్మ తిట్టలేదు. లేచి చీర కుచ్చిళ్ళు దోపుకుని, "ఆ మనిసి ఏ ఊరు?" అంది.

"తెలీదత్తా."

"తెలుసుకో మరి. నీ పోన్లో అన్నీ తెలుత్తాయంతావు కదేటి."

సాయిదుర్గ భర్త ఉమామహేష్ ఆటో నడుపుతాడు. ఫోను చేస్తే హార్బరు గేటు దగ్గర ఉన్నానన్నాడు. అమ్మా, పెళ్ళాం కలిసి ఏ షూటింగుకు రమ్మంటున్నారో అని మొదట ఎగతాళి చేశాడు. సంగతి విన్నాక వెంటనే వచ్చేశాడు.

అతను వచ్చేలోపు సాయిదుర్గ నాగశ్రీ పేరు నొక్కి ఆమె ఛానెల్లోకి వెళ్ళింది. అందులో ముగ్గుల వీడియోలు ఉన్నాయి. మొత్తం గుప్పెడు. ఎక్కడా ఊరు పేరు రాయలేదు. గడప ముందు సిమెంటు నేల, దాని మీద ముగ్గు వేస్తున్న చెయ్యి, వెనకాల రేడియో. ఒక వీడియో మొత్తం చూసింది. అది అయిపోగానే వేరే ఎవరిదో, ఏ ఊరిదో పెద్ద రంగుల ముగ్గు మొదలైంది. వెనక్కి వచ్చి రెండోది తెరిచింది. అది అయ్యాక మళ్ళీ వేరేవాళ్ళది. నాగశ్రీ తన వీడియోలకు వరస పెట్టలేదు. చివర ఏ డబ్బా పెట్టలేదు. ఒక వీడియో నుంచి ఇంకో వీడియోకు దారి లేదు. ప్రతిసారీ బయటికి వచ్చి, మళ్ళీ వెతుక్కుని లోపలికి వెళ్ళాలి. మధ్యలో ప్రకటనలు.

ఆటో ఎక్కాక కూడా అదే పని. ఎటు పోవాలో తెలియకపోయినా ఉమామహేష్ బండి తీసి ఎన్ఏడీ కూడలి వైపు పోనిచ్చాడు. స్టీలు ప్లాంటులో పని, గోదావరి వైపు మనుషులు, ఉక్కునగరం క్వార్టర్లయి ఉంటాయని అతని ఊహ. సాయిదుర్గ కాదంది. క్వార్టర్ల ముందు అలాంటి నేల ఉండదు, ఇది కొత్తగా కట్టిన సొంతిల్లు. గురువమ్మ రెండు చేతులతో ముందు సీటు కమ్మీ పట్టుకుని కూర్చుంది. పెదాలు కదులుతున్నాయి.

ఒక వీడియోలో ముగ్గు పూర్తయ్యాక నాగశ్రీ ఫోను పైకెత్తి వీధిని చూపించింది. ఒక్క క్షణమే. నీలం గేటు, ఎదురుగా ఖాళీ జాగా, సగం కట్టి వదిలేసిన నీళ్ళ ట్యాంకు, దాని పక్కన రియల్ ఎస్టేటు వాళ్ళ బోర్డు. సాయిదుర్గ అక్కడ ఆపి తెరను రెండు వేళ్ళతో పెద్దది చేసింది. అక్షరాలు చెదిరిపోయాయి కానీ కిందనున్నది 'సబ్బవరం' అని తెలిసింది.

"సబ్బవరం పోనీ," అంది.

"సబ్బవరంలో కొత్త కాలనీలు ఎన్నున్నాయో తెలుసా నీకు?" అన్నాడు ఉమామహేష్.

"ట్యాంకు సగం కట్టింది ఒకటే ఉంటాది. పోనియ్."

గోపాలపట్నం దాటాక లారీలు అడ్డం పడ్డాయి. పెందుర్తి దగ్గర ఆగిపోయారు. ఎండ నడినెత్తికి వచ్చింది. ఏ షిఫ్టు రెండింటికి దిగుతుంది. బస్సో బండో దొరికి అతను ఇల్లు చేరేసరికి మరో గంట. అప్పటిదాకా వాళ్ళు తినరు. సాయిదుర్గ ఈ లెక్క మనసులో మళ్ళీ మళ్ళీ వేసుకుంది. వేసుకున్న ప్రతిసారీ ధైర్యం వచ్చేది. అప్పుడు గురువమ్మ అడిగింది.

"పులుసు మరిగాక ఉప్పు సూసుకోదేటి?"

ఏ ఆడమనిషి అయినా చూసుకుంటుంది. గరిటెతో రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని నాకుతుంది. సాయిదుర్గ తను పెట్టిన జవాబు కింద ఏమైనా వచ్చిందేమోనని మళ్ళీ చూసింది. లేదు. ఎవరో వేరేవాళ్ళు 'అమ్మా సూపర్' అని రాశారు.

సబ్బవరంలో కిళ్ళీకొట్టు అతను, సగం కట్టిన ట్యాంకు అనగానే చెప్పాడు. మెయిన్ రోడ్డు వదిలి మట్టిదారిలో పోయారు. ప్లాట్ల మధ్య అక్కడొక ఇల్లు, ఇక్కడొక ఇల్లు. ట్యాంకు కనబడింది. నీలం గేటు కనబడింది. గడప ముందు ముగ్గు ఉంది. చేపల పులుసు వాసన గేటు దాకా వచ్చింది.

తలుపు తీసిన ఆమె చీర కొంగు నడుముకు దోపుకుని ఉంది. ముప్పై దాటని మనిషి. గురువమ్మను చూసి ఎవరో పోల్చుకోలేక రెండు క్షణాలు ఆగి, తరవాత నవ్వు ముఖంతో, "ఏవండీ, మీరు వీడియోలో అమ్మగారు కదండీ," అంది. లోపలికి రమ్మంది. ఫోను ఛార్జింగు పెట్టి వదిలేశానని, ఇంటికి వస్తున్నట్టు ముందే రాసి ఉంటే బాగుండేదని అంది. వాళ్ళు ఎందుకు వచ్చారని ఆమెకు అనుమానమైనా రాలేదు.

"ఆ పులుసు ముట్టకమ్మా. అది తినే సేప కాదు," అంది గురువమ్మ. "నువ్వు ఉప్పు సూసావా?"

నాగశ్రీ అర్థం కానట్టు నవ్వింది. "చూశానండి. సరిపోయింది. పులుపే కొంచెం ఎక్కువైందేమో, పెదాలు జిల్లుమంటున్నాయి."

గురువమ్మ గోడకు చెయ్యి ఆనించింది. ఆ మాట ఆమె ముందెప్పుడో విన్నదని సాయిదుర్గకు తెలిసింది. తనే మాట్లాడింది. అది విషపు చేప అని, పక్కన చూపించింది వేరే చేప అని, మీరు రెండో వీడియోకు వచ్చేశారు కాబట్టి ఆఖరి మాట వినలేదని ఏదో కలగాపులగంగా చెప్పింది. నాగశ్రీ ముఖంలో నవ్వు నెమ్మదిగా పోయింది.

"మీరు తోలు ఒలవడం చూపించారు కదండీ," అంది. "అదే కదండీ ఇది."

"కాదమ్మా. అది వేరే."

"పిల్లికి వేశానండి. తోలూ, లోపలివీ అన్నీ," అంది నాగశ్రీ. అని పెరటి తలుపు వైపు చూసింది.

ఉమామహేష్ వెళ్ళి చూసి వచ్చాడు. కుళాయి పక్కన తెల్ల పిల్లి పడి ఉందని అతను చెప్పలేదు. ఆటో తిప్పుతానని మాత్రం అన్నాడు. కానీ తలుపు అతని వెనక తెరిచే ఉంది. నాగశ్రీకి కనబడింది. పిల్లి కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. పొట్ట ఎంతో సేపటికి ఒకసారి కదులుతోంది, కాళ్ళు కదలడం లేదు.

ఎంత మింగావని గురువమ్మ అడిగింది. రెండుసార్లు చూశానంది నాగశ్రీ, చిన్న ముక్క కూడా విరిచి నోట్లో వేసుకున్నానంది, ఉడికిందో లేదో అని. పక్కింట్లో ఎవరికైనా ఇచ్చావా అంటే లేదంది. మావారికి హార్బరులో తెలిసినవాళ్ళు సంచిలో ఏవేవో కలిపి ఇచ్చారని, మిగతావి మామూలు చేపలే, ఫ్రిజ్‌లో ఉన్నాయని, ఇవి మాత్రం కొత్తగా ఉన్నాయని ఫోనులో వెతికానని, అడగకపోయినా అన్నీ చెప్పింది. చెబుతూ వేళ్ళు ముడుస్తూ తెరుస్తూ ఉంది.

పులుసు గిన్నె మీద మూత పెట్టి, ఎవరూ ముట్టుకోకుండా గదిలో పెట్టి తాళం వేయమని గురువమ్మ కొడుకుతో అంది. నాగశ్రీని నడిపించుకుని ఆటోలో కూర్చోబెట్టి, ఆమె తలను తన భుజానికి ఆనించుకుంది. సాయిదుర్గ ఎదురుగా కూర్చుని నాగశ్రీ చెప్పిన నంబరుకు, ఆమె భర్త త్రినాథరావుకు ఫోను చేసింది. ఆయన షిఫ్టు దిగి బస్సులో ఉన్నాడు. ఏం చెప్పిందో ఎలా చెప్పిందో ఆమెకు తరవాత గుర్తు లేదు.

దారిలో నాగశ్రీ నాలుక మొద్దుబారిందంది. కొంత దూరం పోయాక వేళ్ళ చివరలన్నీ చీమలు పాకుతున్నట్టు ఉన్నాయంది. గురువమ్మ ఆమెతో మాట్లాడుతూనే ఉంది. ఏ ఊరు, పుట్టిల్లు ఎక్కడ, గోదావరిలో ఏ చేప బాగుంటుంది అని. నాగశ్రీ తెలిసినంత చెప్పింది. ఒకచోట ఆగిపోయింది.

"మాట్లాడు బుజ్జీ," అంది గురువమ్మ. "నోరు ఆపకు. మా సెల్లి నోరు ఆపీసింది."

అప్పుడు సాయిదుర్గకు, వీడియో ఎడిట్ చేస్తూ ఆ మాటలను చివరికి తోసిన రోజు అవి ఎంత చిన్నవిగా అనిపించాయో గుర్తుకొచ్చింది. డబ్బాలు ఎక్కడ పెట్టాలా అని వెతికి, అత్తగారి ముఖం మీద కాస్త ఖాళీ దొరికిందనుకుంది.

ఎన్ఏడీ దగ్గరున్న పెద్దాసుపత్రిలో డాక్టరు చేప పేరు అడగకముందే గురువమ్మ చెప్పేసింది. అతను తల ఊపాడు. దీనికి విరుగుడు మందు లేదని, విషం దానంతట అది దిగిపోయేదాకా ఊపిరి ఆడేలా చూసుకోవడమే వైద్యమని, అవసరమైతే మెషీను పెడతామని అన్నాడు. తోలూ లోపలివీ తీసేసి వండడం, కొద్దిగానే నోట్లో పడడం మేలు చేసిందన్నాడు. ఎంత మేలు చేసిందో ఇప్పుడే చెప్పలేనన్నాడు.

త్రినాథరావు ప్లాంటు హెల్మెట్టు చేతిలోనే పట్టుకుని పరుగున వచ్చాడు. వీళ్ళెవరో తెలిశాక సాయిదుర్గ వైపు చూశాడు. ఆ వీడియో మీరే పెట్టారా అని అడిగాడు. అవునంది. ఇంకా ఉందా అన్నాడు. ఉందంది. ఎందుకు తీసెయ్యలేదని అడగబోయి, నర్సు పిలిస్తే లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ ప్రశ్న మాత్రం వరండాలో మిగిలిపోయింది. సాయిదుర్గ దాన్నే తిప్పుకుంటూ కూర్చుంది. తీసేస్తే తప్పు కనబడకుండా పోతుంది. కానీ ఇప్పటికే చూసి వెళ్ళినవాళ్ళ దగ్గరకు ఏ మాటా పోదు. వాళ్ళు ఎంతమందో ఆమెకు తెలుసు. ఎవరో తెలియదు. అందరూ కామెంటు పెట్టరు. ఎక్కడో అనకాపల్లిలోనో, కాకినాడలోనో, అసలు సముద్రమే లేని ఊళ్ళోనో ఎవరో ఒకరు ఒలిచే ఉంటారు. ఆ ఇళ్ళకు నీలం గేటు ఉండదు, సగం కట్టిన ట్యాంకూ ఉండదు.

గురువమ్మ ఆమె పక్కకు వచ్చి కూర్చుంది. ఫోను తియ్యమంది. ఎందుకంటే ఇప్పుడే చెబుతానంది.

"ఇక్కడేటి, ఆసుపత్రిలో వద్దత్తా."

"ఇంటికెళ్ళేసరికి ఎవులో ఒకలు వండీత్తారు. తియ్."

వరండా చివర కిటికీ దగ్గర నిలబెట్టి తీసింది. కత్తిపీట లేదు, చేప లేదు. గురువమ్మ జుట్టు చెదిరి ఉంది. మొదటి మాటే విషం అంది. ఏ చేప, ఎలా ఉంటుంది, తిన్నవాళ్ళకు ఏమవుతుంది, ఒక బిడ్డ ఇప్పుడు లోపల ఎలా ఉంది, అంతా నిమిషంలో చెప్పేసింది. సాయిదుర్గ ఒక్క ముక్క కూడా కత్తిరించకుండా అక్కడినుంచే పెట్టింది.

సాయంత్రం అయ్యేసరికి నాగశ్రీకి వేళ్ళ తిమ్మిరి మోచేతుల దాకా వచ్చి ఆగింది. మెషీను అవసరం పడలేదు. ఊపిరి సమంగా ఉంది కానీ రాత్రంతా చూడాలన్నారు. ఉమామహేష్ తల్లిని ఆసుపత్రిలో వదిలి భార్యను ఇంటికి తెచ్చాడు. ఎండ్ స్క్రీన్లు మార్చడం ఫోనులో కుదరదు, లాప్‌టాప్ కావాలి.

ఆమె ఛానెల్లో ఉన్న ప్రతి వీడియో తెరిచింది. చేప శుభ్రం చేసేది, పీతలు విరిచేది, రొయ్యలు ఒలిచేది. అన్నిటి చివరా పాత డబ్బాలు తీసి ఈ కొత్త వీడియో ఒక్కటే పెట్టింది. మాటలేమీ లేని చోట, దేన్నీ కప్పకుండా పెట్టింది. తోలు ఒలిచే వీడియోలో మొదటి సెకన్లలోనే కార్డు వచ్చేలా చేసింది. ప్లేలిస్టులన్నిటిలో దాన్ని పైన పెట్టింది. ఏ వీడియో చూసినవాళ్ళయినా దీని దగ్గరికి రావాలి. దారులన్నీ ఇటే తిప్పింది. మర్నాడు ఉదయానికి లెక్కలు చూస్తే జనం రాలేదు.

కార్డు వస్తోంది, ఎవరూ నొక్కడం లేదు. ఎండ్ స్క్రీన్ కనిపిస్తోంది, మూసేసి పోతున్నారు. పులుసు రుచి చెప్పిన చోట కార్డును ఎగబడి నొక్కినవాళ్ళు, ఆసుపత్రి కిటికీ దగ్గర నిలబడ్డ ముసలావిడ బొమ్మను ఒకసారి చూసి ఫోను పక్కన పెట్టేస్తున్నారు. సాయిదుర్గ, వీడియో తెరవకముందు కనిపించే ఆ బొమ్మ మీద 'ప్రమాదం' అని ఎర్ర అక్షరాలు వేసింది. ఇంకా తగ్గారు.

ఆసుపత్రికి వెళ్ళి ఆ సంగతి గురువమ్మకు చెప్పింది. మంచం మీద కూర్చున్న నాగశ్రీ కూడా విన్నది. ఆమె మాట ఇంకా కొంచెం ముద్దగా వస్తోంది. ఏం బొమ్మ పెట్టారో చూపించమంది. చూసి, భర్త చేతిలో ఉన్న తన ఫోను అడిగి తీసుకుంది.

"నిన్న దింపగానే ఫొటో తీశానండి," అంది. "మీకు పంపిద్దామని."

గిన్నెలో ఎర్రగా, నూనె తేలుతూ, పైన కొత్తిమీర చల్లిన పులుసు. ఆవిరి కూడా కనిపిస్తోంది. చాలా బాగుంది. చూస్తే ఎవరికైనా నోరూరుతుంది.

సాయిదుర్గ ఆ ఫొటో వైపు చూడలేకపోయింది.

"పెట్టండి," అంది నాగశ్రీ. "నా పేరు కూడా వెయ్యండి. అడ్డమేం లేదండి."

ఆ పులుసే బొమ్మగా పెట్టి, దాని పక్కన 'నేను ఉప్పు చూసిన పులుసు ఇది' అని రాసింది. నాగశ్రీ పేరు వేసింది. మధ్యాహ్నానికి జనం నొక్కడం మొదలుపెట్టారు. పాత వీడియోల చివరలనుంచి, కార్డులనుంచి, ప్లేలిస్టులనుంచి ఒక్కొక్కరే వస్తున్నారు. కింద కామెంట్లు పడుతున్నాయి. ఆమె ప్రతిదీ తెరిచి చదివింది. ఒకరు నమస్కారం పెట్టారు. ఒకరు మా పిన్నికి పంపించాను అన్నారు. ఒకరు పోయిన ఆదివారం మీ వీడియో చూసి వండాం, మాకేం కాలేదు, ఇంకొకటి ఫ్రిజ్‌లో ఉంది, ఏ చేపో ఫొటో పంపమంటారా అని అడిగారు.

ఆమె పంపమని రాసింది.

"ఏటంతన్నారు?" అని గురువమ్మ అడిగింది.

"ఫొటో పంపుతారంట అత్తా."

గురువమ్మ కోడలి పక్కకు జరిగి, తనకు చదవడం రాని ఆ తెర మీదికి వంగి కూర్చుంది. ఇద్దరూ ఫొటో కోసం చూస్తున్నారు.